అమ్మమ్మ వినడానికి పంపిన ఉగాది కబురు

2024 ఉగాదికి మేం చికాగో నుంచి ఊరికి తొమ్మిది నిమిషాల వీడియో పంపాం. పాపకి పట్టు పరికిణీ వేశాను, బాబుకి చిన్న పంచె కట్టాం. వెనక సన్నాయి పెట్టి, పాత ఫొటోలు ఒకదాని తర్వాత ఒకటి వచ్చేలా చేశాం. అక్షరాలు కూడా పైనుంచి కిందికి రాలేలా పెట్టాడు మా ఆయన. రెండు రాత్రులు పట్టింది. కుటుంబం గ్రూపులో పెట్టగానే దండాలు, పూలగుత్తులు, "సూపర్ రా" అన్న మాటలు వరసగా వచ్చాయి. గంటలో ఆ వీడియో వేరే శుభాకాంక్షల బొమ్మల కింద ఎక్కడికో పోయింది.

వారం తర్వాత ఫోన్లో మాట్లాడుతూ మావయ్యని అడిగాను, అమ్మమ్మకి చూపించావా అని. "చూపించానమ్మా. ఎవరో సన్నాయి వాయిస్తున్నారు, పెళ్ళా అని అడిగింది" అన్నాడు.

అమ్మమ్మకి ఇప్పుడు 84. నాలుగేళ్ళుగా చూపు బాగా తగ్గింది. కంటి లోపలి వెనక పొరలో ఉండే మాక్యులా దెబ్బతిందని డాక్టర్లు చెప్పారు. అంటే పూర్తి చీకటి కాదు. పక్కల కొంత కనపడుతుంది, సరిగ్గా ఎదురుగా చూసేచోట మాత్రం మసక. మనిషి నిలబడ్డాడని తెలుస్తుంది, ముఖం తెలియదు. అలాంటి మనిషికి అరచేతంత తెర మీద కదిలే ఫొటోలు చూపించాం. మాటలు ఉన్నచోట వాటి మీద సన్నాయి వేసి కప్పేశాం. ఇది నాకు చాలా రోజులు మనసులో గుచ్చుకుంది. పండగ పూట మేం గుర్తు చేసుకున్న జ్ఞాపకాలన్నీ ఆవిడ ఇంట్లోవే, ఆవిడ చేతి మీదుగా జరిగినవే. ఆవిడకి తప్ప అందరికీ చేరాయి.

అందుకే 2025లో, విశ్వావసు ఉగాదికి, చూసేది ఏదీ వద్దనుకున్నాం. మాటలే పంపుదాం, అదీ అమ్మమ్మకే పంపుదాం అని నిర్ణయించుకున్నాం. మిగిలిన వాళ్ళు వింటే వింటారు.

మొదటి చిక్కు తేదీ దగ్గర వచ్చింది. మనవైపు ఆదివారం, మార్చి 30 ఉగాది. నేను మా దగ్గర కూడా అదే ఆదివారం అనుకుని ఉన్నాను. అమ్మ విజయవాడ నుంచి ఫోన్ చేసి "మీ ఊరి పంచాంగం చూశావా? మీకు శనివారమే వస్తుందేమో" అంది. అమ్మ చెప్పింది నిజమే. పాడ్యమి మొదలయ్యే క్షణం ప్రపంచం మొత్తానికీ ఒకటే, ఎందుకంటే అది సూర్యచంద్రుల మధ్య కోణాన్ని బట్టి లెక్క. సూర్యోదయం మాత్రం ఊరూరికీ వేరు. సూర్యోదయానికి ఏ తిథి ఉంటే ఆ రోజు ఆ తిథి. మేం చూసిన పంచాంగం ప్రకారం మన టైములో పాడ్యమి శనివారం సాయంత్రం 4:27కి మొదలై ఆదివారం మధ్యాహ్నం 12:49కి అయిపోతుంది. అంటే అక్కడ ఆదివారం తెల్లవారేసరికి పాడ్యమి ఉంది. అదే లెక్క చికాగో టైములోకి మారిస్తే, శనివారం తెల్లవారుజామున 5:57కి మొదలై ఆ అర్ధరాత్రి దాటాక 2:19కి అయిపోతుంది. మాకు ఆ రోజుల్లో సూర్యోదయం 6:40 ప్రాంతంలో. కాబట్టి మాకు శనివారం తెల్లవారేసరికే పాడ్యమి. ఆదివారం పొద్దున లేచేసరికి పాడ్యమి అయిపోయి విదియ నడుస్తుంటుంది. మాకు తెలిసినవాళ్ళలో కొందరు ఇండియాలో ఏ రోజైతే మాకూ ఆ రోజే అని ఆదివారం చేసుకున్నారు. మేం శనివారం చేశాం.

ఈ తేడా మాకు కలిసొచ్చింది. శనివారం మా పండగంతా అయ్యాక, రాత్రి ఎనిమిదిన్నరకి కబురు పంపితే అక్కడ ఆదివారం పొద్దున ఏడవుతుంది. మా ఉగాది సాయంత్రం అమ్మమ్మకి ఉగాది పొద్దున. అక్కడ తలంట్లు అయి, పచ్చడి కలిపే వేళ.

ఇక్కడ ఇంకో లెక్క కూడా ఉంది, ఏటా ఎవరో ఒకరు దీంట్లో పొరపడతారు. చలికాలంలో మాకూ మనవాళ్ళకీ పదకొండున్నర గంటల తేడా. మార్చిలో మా గడియారాలు గంట ముందుకు జరుపుతారు, అప్పటినుంచి తేడా పదిన్నర గంటలే. ఆ ఏడు మార్చి 9న మార్చారు. చలికాలమంతా శనివారం రాత్రి ఎనిమిదికి చేసే ఫోన్ అక్కడ ఏడున్నరకి మోగేది. అదే అలవాటులో మార్చి చివర చేస్తే ఆరున్నరకే మోగుతుంది. మామూలు రోజైతే ఫరవాలేదు. పండగ పూట ఆరున్నరకి అత్తయ్య చేతులు ఖాళీగా ఉండవు, ఫోన్ ఎత్తేవాళ్ళుండరు.

తర్వాత జ్ఞాపకాలు పోగుచేయడం. అన్నీ నావే చెబితే అది నా పండగ అవుతుంది కాని అమ్మమ్మ ఇంటి పండగ కాదు. అందుకని మూడు వారాల ముందు పిన్నికి, చెల్లికి (పిన్ని కూతురు), బెంగళూరులో ఉన్న బావకి, అమ్మకి విడివిడిగా మెసేజ్ పెట్టాను, "అమ్మమ్మ ఇంట్లో ఉగాది జ్ఞాపకం ఒకటి చెప్పండి" అని. వచ్చిన సమాధానాలు అన్నీ ఒకేలా ఉన్నాయి. "ఆ రోజులే వేరు", "అందరం కలిసి ఎంత సరదాగా ఉండేవాళ్ళం" లాంటివి. వాళ్ళ తప్పు కాదు, నా ప్రశ్న అలాంటిది. జ్ఞాపకం చెప్పమంటే ఎవరైనా జ్ఞాపకాల గురించి చెబుతారు.

రెండోసారి ప్రశ్న మార్చాను. "ఉగాది పొద్దున అమ్మమ్మ ఇంట్లో మంచం మీద ఉండగానే ఏం వినపడేది?" వినే మనిషికి పంపేది కాబట్టి శబ్దం అడుగుదామని తట్టింది. ఈసారి ఒక్కొక్కళ్ళూ పది నిమిషాలు మాట్లాడారు. బావకి నూతి గిలక గుర్తొచ్చింది. చేద దిగేటప్పుడు గలగలమని, నిండి పైకొచ్చేటప్పుడు కిర్రుమని రెండు రకాలుగా మోగేదట. చెల్లికి తాతయ్య దొడ్లో మామిడాకులు తుంచుతున్న చప్పుడు, ఆకు తొడిమ విరిగే టప్ మన్న శబ్దం. పిన్నికి రేడియోలో పంచాంగ శ్రవణం, దాని మధ్య తాతయ్య "ఆదాయం ఎంతన్నాడు?" అని వంటింట్లోకి కేకెయ్యడం. అమ్మకి మాత్రం వేపపువ్వు. రెమ్మల నుంచి పువ్వు దూసి, అరచేతుల మధ్య మెల్లగా నలిపి, చేటలో పోసి నోటితో ఊఫ్, ఊఫ్ మని పొట్టు ఊదడం. "మా అమ్మ ఊదుతుంటే పువ్వు చేట అంచు దాకా వెళ్ళి ఆగేది, కింద పడేది కాదు. నేను ఊదితే అంతా గోడ మీదే ఉండేది" అంది.

ఆ వేపపువ్వు దగ్గరే గొడవ వచ్చింది. పువ్వు ఎక్కడినుంచి తెచ్చేవాళ్ళు? ఎదురింటి వాళ్ళ పెరట్లో చెట్టు నుంచి అని అమ్మ. కాదు, రామాలయం వెనక చెట్టు, నేనే ఎక్కేదాన్ని అని పిన్ని. ఇద్దరూ ఖచ్చితంగా చెబుతున్నారు. నేను మావయ్యని రహస్యంగా అడిగి, సరైనది తెలుసుకుని, కబురులో అది చెప్పేద్దాం అనుకున్నాను. మా ఆయన ఆపాడు. "తప్పో ఒప్పో తేల్చేసి పంపితే ఆవిడ విని ఊరుకుంటుంది. తేల్చకుండా ఆవిడనే అడుగు" అన్నాడు. ఆ మాటతో మా కబురు రూపమే మారిపోయింది. అప్పటిదాకా మేం చెప్పడం, ఆవిడ వినడం. ఇప్పుడు చివర్లో ఆవిడ మాత్రమే చెప్పగలిగిన ప్రశ్న ఒకటి పెట్టాం.

ఇంకొకటి దొరికింది, అది వెతికితే దొరికింది కాదు. బాబుకి సంవత్సరం పేరు నేర్పిస్తూ, ఇవి అరవై ఉంటాయి, అరవై ఏళ్ళకి మళ్ళీ మొదటి పేరే వస్తుంది అని చెబుతున్నాను. పాప వేళ్ళ మీద లెక్కేసి "అయితే పోయినసారి విశ్వావసు 1965లో వచ్చిందా? అది అమ్మమ్మ పుట్టిన ఇయర్ కదా" అంది. పాప అమ్మమ్మ అంటే మా అమ్మ. అవును, అమ్మ 1965 శ్రావణంలో పుట్టింది. నాకు ఆ తేదీ సర్టిఫికెట్‌లో అంకెలుగానే తెలుసు. అమ్మమ్మ నోట మాత్రం ఎప్పుడూ అంకె రాదు. "విశ్వావసులో పుట్టింది మీ అమ్మ" అని ఎన్నిసార్లు అని ఉంటుందో, నేను దాన్ని పేరులా విన్నాను తప్ప సంవత్సరంలా వినలేదు. కూతురు పుట్టిన సంవత్సరం పేరు మళ్ళీ తిరిగి రావడం తల్లి బతికుండి వినడం అందరికీ జరిగేది కాదు. కబురులో ఇది తప్పకుండా ఉండాలనుకున్నాం.

అమ్మ ఒక జాగ్రత్త కూడా చెప్పింది, అది నాకు తట్టనే లేదు. పెదనాన్న పోయి అప్పటికి ఆరు నెలలు. పెద్దమ్మ వాళ్ళింట్లో ఆ ఏడు పండగ లేదు. కుటుంబం గ్రూపులో పెద్దమ్మా, అన్నయ్యలూ ఉన్నారు. "నువ్వు గ్రూపులో శుభాకాంక్షలు అని పెడితే వాళ్ళు ఏం జవాబివ్వాలి? సంవత్సరీకం కాకుండా పండగ మాట పంపకు" అంది. దూరాన ఉంటే ఇలాంటివే తప్పిపోతాం. చావు వార్త అందుతుంది, ఏడుస్తాం, ఫోన్లు చేస్తాం. ఆ తర్వాత ఏడాదంతా ఆ ఇంట్లో గుమ్మానికి తోరణం ఉండదన్న సంగతి మన కంటికి కనపడదు కాబట్టి గుర్తుండదు. గ్రూపులో ఏమీ పెట్టకూడదని, మావయ్య ఫోన్‌కి ఒక్కదానికే పంపాలని అప్పుడే అనుకున్నాం. పెద్దమ్మకి పండగ ముందురోజు మామూలుగా ఫోన్ చేశాను. పండగ ఊసెత్తలేదు. పెదనాన్న గురించే మాట్లాడుకున్నాం, గంట సేపు.

ఇక రికార్డింగ్. మొదట వంటగదిలో బల్ల చుట్టూ కూచుని నలుగురం ఒకేసారి మాట్లాడాం. విని చూస్తే గొంతులన్నీ నూతిలోంచి వస్తున్నట్టున్నాయి. మా ఇళ్ళలో గోడలు ఉత్తగా ఉంటాయి, నేల చెక్క, మాట గోడకి కొట్టుకుని తిరిగొస్తుంది. దాని కింద ఫ్రిజ్ రొద. మనకి అలవాటై వినపడదు, ఫోన్‌కి వినపడుతుంది. బట్టల అలమర గదిలోకి మారాం. చలికాలం కోట్లు ఇంకా అక్కడే వేలాడుతున్నాయి, అవి మాటని పీల్చేసుకున్నాయి. ప్రతిధ్వని పోయింది. ఫోన్‌ని నోటికి జానెడు దూరంలో, ఎదురుగా కాకుండా కాస్త పక్కగా పట్టుకోవాలని రెండు మూడుసార్లు చేశాక తెలిసింది. ఎదురుగా పెడితే ప, భ వచ్చినప్పుడల్లా గాలి కొట్టి టప్ మంటుంది.

నేపథ్య సంగీతం అస్సలు పెట్టలేదు. పెద్దవయసులో చెవికి మొదట తగ్గేది సన్నటి శబ్దాలు. స, శ, త, క లాంటివి. అచ్చులు వినపడతాయి, హల్లులు జారిపోతాయి. అందుకే "వినపడుతోంది కాని అర్థం కావట్లేదు" అంటారు. దాని మీద సన్నాయి వేస్తే ఆ మిగిలిన హల్లులు కూడా పోతాయి. గట్టిగా అరవడం వల్ల లాభం లేదు. నిదానంగా, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఊపిరి తీసుకునేంత ఖాళీతో మాట్లాడితే చాలు.

పిల్లల తెలుగుతో కొంచెం ఎక్కువ సమయం పట్టింది. బాబుకి ఆరేళ్ళు, తెలుగు అక్షరాలు రావు. ఇంగ్లిష్ అక్షరాల్లో రాసిచ్చాను. "Tatamma, mee kallu ela unnayi" అని. వాడు చదివింది వింటే "మీ కల్లు ఎలా ఉన్నాయి" అని వచ్చింది. వాడి తప్పేముంది, ఆ రాతలో కళ్ళకీ కల్లుకీ కాళ్ళకీ తేడా లేదు. ళ అంటే నాలుక వెనక్కి మడవాలని కాగితం చెప్పదు. కాగితం తీసేశాను. "తాతమ్మకి కళ్ళు సరిగ్గా కనపడవు కదా, నువ్వేం అడుగుతావు?" అన్నాను. వాడు ఆలోచించి "తాతమ్మా, నీకు నేను ఎలా కనిపిస్తాను?" అన్నాడు. నేను రాసిచ్చిన దానికంటే అదే బాగుంది, అదే ఉంచాం. ‘విశ్వావసు’ మాత్రం వారం రోజులు స్నానం చేసేటప్పుడు చప్పట్లు కొడుతూ నేర్చుకున్నాడు. విశ్‌, వా, వసు. పాప తెలుగు అక్షరాలు కూడబలుక్కుని చదవగలదు. తను గిలక శబ్దం గురించి బావ చెప్పింది తన చేత్తో పెద్ద అక్షరాలతో రాసుకుని చదివింది.

అంతా కలిపి నాలుగు నిమిషాలు. పంపేముందు ఒక పరీక్ష పెట్టాం. పాత ఫోన్‌లో వేసి, బల్ల మీద పెట్టి, వంటింటి ఫ్యాన్ ఆన్ చేసి నాలుగడుగుల దూరంలో నిలబడి విన్నాం. అక్కడ హాల్లో సీలింగ్ ఫ్యాన్ తిరుగుతూ ఉంటుంది, హెడ్‌ఫోన్స్‌లో కాదు కదా వినేది. నా గొంతూ పిల్లల గొంతులూ బాగానే వచ్చాయి. మా ఆయన గొంతు దాదాపు మాయమైపోయింది. ఆయనది మంద్ర గొంతు, ఫోన్‌లోని చిన్న స్పీకర్ కింది స్వరాలు పలికించలేదు. ఆయన మళ్ళీ చెప్పాడు, ఈసారి రోడ్డు అవతల ఉన్న మనిషిని పిలిచేటప్పటి గొంతుతో. అప్పుడు వినపడింది.

ఒకే ముక్కగా పంపకుండా నాలుగు వాయిస్ మెసేజులుగా చేశాం. ఒకటి నమస్కారం, సంవత్సరం పేరు. రెండోది శబ్దాల జ్ఞాపకాలు. మూడోది అమ్మ పుట్టిన విశ్వావసు తిరిగి రావడం. నాలుగోది వేపపువ్వు ప్రశ్న, బాబు ప్రశ్న. ముక్కలైతే ఎక్కడైనా అంతరాయం వచ్చినా మొదటినుంచి వినక్కర్లేదు. శుక్రవారం రాత్రే అత్తయ్యకి ఫోన్ చేసి రెండు విషయాలు చెప్పాను. ఫోన్ చార్జింగ్‌లో పెట్టి ఉంచమని, వినిపించేటప్పుడు అమ్మమ్మ చెవికి ఆనించవద్దని. వాయిస్ మెసేజ్ నడుస్తుండగా ఫోన్ చెవి దగ్గరకి తెస్తే స్పీకర్ ఆగిపోయి కాల్‌లో మాట్లాడినట్టు లోపలి చిన్న స్పీకర్‌లోంచి వస్తుంది. సరిగ్గా వినపడాలని దగ్గరకి తెస్తాం, అది ఇంకా చిన్నదైపోతుంది. ఒడిలో పెట్టమని చెప్పాను.

శనివారం మా ఇంట్లో పండగ మామూలుగానే గడిచింది. అమ్మ ఎండబెట్టి పంపిన వేపపువ్వు ఉంది, మామిడికాయ దొరికింది. రాత్రి ఎనిమిదిన్నరకి నాలుగూ పంపాను. అందినట్టు గుర్తులు వచ్చాయి. అవతల విన్నాక మైకు బొమ్మ నీలంగా మారుతుంది, దాని కోసం చూస్తూ కూచున్నాం. పదిహేను నిమిషాలకి మొదటిది మారింది. కాసేపటికి రెండోది. మూడోది మారాక చాలాసేపు ఏమీ లేదు. నాకు టెన్షన్ మొదలైంది. అమ్మ పుట్టుక సంగతి విని ఏమైనా బాధపడిందేమో, తాతయ్య గుర్తొచ్చాడేమో అని. పిల్లలు సోఫాలోనే నిద్రపోయారు. తొమ్మిదిన్నరకి నాలుగోది కూడా నీలంగా మారింది.

పది దాటాక మావయ్య ఫోన్ నుంచి ఏడు నిమిషాల మెసేజ్ వచ్చింది. అమ్మమ్మ గొంతు. మొదట్లో ఫ్యాన్, దూరంగా కోయిల, "అత్తయ్యా, ఇటు మాట్లాడండి" అని మా అత్తయ్య మాట. తర్వాత అమ్మమ్మ మొదలుపెట్టింది.

"ఏమ్మా, అందరూ బాగున్నారా. గిలక గురించి వాడు చెప్పింది నిజమే. అది మీ తాతయ్య ఆవదం పోస్తానని పోసేవాడు కాదు, అందుకే ఆ కిర్రు. వేపపువ్వు సంగతికి మీ అమ్మా కాదు, మీ పిన్నీ కాదు. ఎదురింటి చెట్టు వీళ్ళు పుట్టాక నాటింది, దానికి ఎప్పటికో పూత. రామాలయం చెట్టు ఆడపిల్లల్ని ఎక్కనిచ్చేవాళ్ళు కాదు. కాలవగట్టు మీద ఉండేది పెద్ద చెట్టు. మీ చిన్న మావయ్య తెల్లారకుండా వెళ్ళి తువ్వాలు నిండా తెచ్చేవాడు. వీళ్ళు లేచేసరికి చేటలో ఉండేది, ఎక్కడినుంచి వచ్చిందో వీళ్ళకేం తెలుసు."

చిన్న మావయ్య పోయి పన్నెండేళ్ళయింది. మేం పోగుచేసిన జ్ఞాపకాల్లో ఎవరి నోటా ఆయన పేరు రాలేదు. తెల్లవారకముందే పని చేసిపెట్టే మనిషి కాబట్టి ఎవరూ చూడలేదు. అమ్మమ్మ ఒక్కతే అప్పటికి లేచి ఉండేది.

అక్కడ మెసేజ్ తెగింది. వేలు జారినట్టుంది. మరో నిమిషానికి ఇంకోటి వచ్చింది. ఇందులో 1965 గురించి చెప్పింది. అప్పటికి తనకి ఇరవై నాలుగేళ్ళు, అమ్మ కడుపులో ఐదో నెల. పెద్దమ్మ చంకలో ఉంది. ఉగాది పచ్చడి మొదటి చెంచా తిన్నాక, ఆ మామిడికాయ పులుపుకి ఇంకోసారి అడగాలనిపించిందట. కాని అత్తగారిని అడగడానికి మొహమాటం. పచ్చడి అయిపోయాక గిన్నె కడగడానికి నూతి దగ్గరకి తీసుకెళ్ళి, వేలితో అంచులు తుడుచుకుని తింటుంటే అత్తగారు చూసింది. ఏమీ అనలేదు. మధ్యాహ్నం అన్నాల వేళ, విస్తరి పక్కన సగం మామిడికాయ, ఉప్పు పెట్టి వెళ్ళిందట. "ఎవరితోనూ చెప్పలేదమ్మా ఇన్నాళ్ళూ. నువ్వు విశ్వావసు అనేసరికి ఆ ఉప్పు గుర్తొచ్చింది" అంది.

రాత్రి పదిన్నరకి నేనూ మా ఆయనా ఆ మెసేజ్ మూడుసార్లు విన్నాం. తర్వాత అమ్మకి పంపాను. అక్కడ తొమ్మిదవుతోంది. అమ్మ వెంటనే ఫోన్ చేసింది కాని చాలాసేపు మాట్లాడలేకపోయింది. "చిన్న తమ్ముడు తువ్వాలు ఆరేసేవాడు పొద్దున్నే. తడిగా ఎందుకుందో నేనెప్పుడూ అడగలేదు" అంది చివరికి. పిన్ని మాత్రం రామాలయం చెట్టు తను నిజంగానే ఎక్కిందని, అమ్మమ్మకి తెలియకుండా ఎక్కిందని ఇప్పటికీ అంటుంది.

ఆ రాత్రే రెండు మెసేజులూ ఫోన్ నుంచి బయటికి తీసి, కంప్యూటర్‌లో ఒకచోట, విడిగా డ్రైవ్‌లో ఒకచోట దాచాను. ఇంతకుముందు ఫోన్ మార్చినప్పుడు తాతయ్య గొంతున్న మెసేజులు పోగొట్టుకున్నాను, బ్యాకప్‌లో ఉన్నాయనుకుని. ఫైలుకి 2025-ugadi-ammamma-1, 2 అని పేర్లు పెట్టి, ఎవరు మాట్లాడుతున్నారో, ఏ నిమిషంలో ఏ సంగతి వస్తుందో పక్కన ఒక కాగితం రాశాను. పేరు లేకపోతే పదేళ్ళ తర్వాత పిల్లలకి అది ఎవరిదో ఒక ముసలావిడ గొంతు మాత్రమే.

రెండో మెసేజ్ చివర ఇరవై సెకన్లు నేను కత్తిరించలేదు. అమ్మమ్మ తన మాట అయిపోయిందనుకుంది, రికార్డింగ్ ఇంకా నడుస్తోంది. ఎవరో కుర్చీ జరిపారు. అత్తయ్య ఫోన్ అందుకోబోతున్న చప్పుడు. అమ్మమ్మ అత్తయ్యతో అంటోంది.

"ఆగింది కదూ? పిల్లాడు విశ్వావసు ఎంత బాగా అన్నాడో చూశావా. నాకెలా కనిపిస్తాడని అడిగాడు, దానికి చెప్పనే లేదు నేను. మళ్ళీ నొక్కు, వాడి మాట ఇంకోసారి విని చెబుతాను."